ఫోటో ఫోన్‌లో ఉందా, క్లౌడ్‌లో ఉందా: నా అనుభవం

నాది హనుమకొండలో చిన్న మగ్గం వర్క్ షాపు. కుట్టిన ప్రతి బ్లౌజును ఫోటో తీసి పెట్టుకోవడం నాకు అలవాటు. పెళ్లిళ్ల సీజన్లో కస్టమర్లు వచ్చి "పోయినేడు మా ఆడబిడ్డకు కుట్టిన డిజైన్ చూపియ్యి" అంటారు, అప్పుడు అవే నా కేటలాగు. మొన్న ముహూర్తాల ముందు ఫోన్ కెమెరా తెరిస్తే స్టోరేజ్ ఫుల్ అని వచ్చి ఫోటో తీయనివ్వలేదు. మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు సెలవులకు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని ఫోటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించాను. క్లౌడ్ అంటే ఏమిటో అసలు తెలియని వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

వాడు మొదట నా ఫోన్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ లెక్క చూపించాడు. ఫోన్ 64 జీబీది. అందులో సిస్టమ్, యాప్‌లు కలిసి 25, ఫోటోలు, వీడియోలు 27, వాట్సాప్ 11. ఇదంతా ఫోన్ లోపల ఉన్న చిప్‌లోనే ఉంటుంది. నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది, ఫోన్ నీళ్లలో పడితే దాంతోపాటే పోతుంది. క్లౌడ్ అలా కాదు. క్లౌడ్ అంటే గూగుల్ లాంటి కంపెనీవాళ్ల డేటా సెంటర్లలో ఉండే కంప్యూటర్లు. మన ఫోటో కాపీ ఇంటర్నెట్ మీదుగా అక్కడికి వెళ్లి, మన అకౌంట్ పేరు మీద ఉంటుంది. ఫోన్ మారినా, సిమ్ మారినా అదే అకౌంట్‌తో తెరిస్తే మళ్లీ కనిపిస్తుంది.

అందుకే ముందు అకౌంట్ సంగతి చూడమన్నాడు. నా ఫోన్లో ఉన్న జీమెయిల్, ఫోన్ కొన్న రోజు మొబైల్ షాపు అబ్బాయి తయారు చేసి పెట్టింది. పాస్‌వర్డ్ నాకు తెలియదు, ఎప్పుడూ అవసరం పడలేదు కూడా. చాలామందిది ఇదే పరిస్థితి అనుకుంటా. ఫోన్ చేతిలో ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ ఉండదు. పోయిన రోజు కొత్త ఫోన్లో ఆ అకౌంట్ తెరవలేకపోతే, క్లౌడ్‌లో అన్నీ భద్రంగా ఉన్నా మనకు అందవు. సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చి, రికవరీ నంబరుగా నా నంబరు ఇచ్చాం. అక్కడ షాపువాళ్ల నంబరేదో ఉంటే తీసేశాం. కొత్త పాస్‌వర్డ్‌ను షాపు లెక్కల పుస్తకం వెనక రాసుకున్నాను. అలా రాయకూడదని వాడు గొణిగాడు కానీ, మర్చిపోవడం కంటే అదే నయం.

గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది ఒక్క ఫోటోలకే కాదు. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడింటికీ కలిపి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ లెక్కలోకే వస్తుంది. నా అకౌంట్లో అప్పటికే 3 జీబీ నిండి ఉంది. మిగిలింది 12. నా దగ్గర ఉన్నవేమో 27. ఎలా పడతాయి?

27లో ఫోటోలు 10 జీబీ అయితే మిగతావన్నీ వీడియోలే, అందులోనూ ఎక్కువ మా మరిది కొడుకు పెళ్లివి. గూగుల్ ఫోటోస్ యాప్‌లో బ్యాకప్, అంటే క్లౌడ్‌లోకి కాపీ ఎక్కించడం, ఆన్ చేస్తే కెమెరా ఫోల్డర్‌లో ఉన్న ఫోటోలు, వీడియోలు అన్నీ ఎక్కుతాయి, ఫోటోలు మాత్రమే చాలని చెప్పడానికి దారి లేదు. అందుకని బ్యాకప్ ఆన్ చేయకముందే కేబుల్ పెట్టి, ఫోన్లో File transfer నొక్కి, పెళ్లి వీడియోలు 15 జీబీ లాప్‌టాప్ మీదుగా హార్డ్ డిస్క్‌లోకి దింపాం. హార్డ్ డిస్క్‌లో నాలుగైదు వీడియోలు ఆడించి చూసుకున్నాకే ఫోన్లోంచి తీసేశాం. మిగిలింది ఫోటోలు, వర్క్ చేస్తుండగా తీసిన చిన్న వీడియోలు కలిపి 12 జీబీ.

తర్వాత గూగుల్ ఫోటోస్ యాప్‌లో పైన కుడివైపు మన బొమ్మ మీద నొక్కి బ్యాకప్ ఆన్ చేయడమే. అక్కడ క్వాలిటీ అడుగుతుంది. Original quality అంటే తీసింది తీసినట్టే వెళ్తుంది. Storage saver అంటే కాస్త కుదించి పంపుతుంది. 16 మెగాపిక్సెల్‌ కంటే పెద్ద ఫోటోలను ఆ సైజుకు తగ్గిస్తుంది, 1080p కంటే ఎక్కువ స్పష్టత ఉన్న వీడియోలను దానికి దించుతుంది. నా భయమంతా జర్దోసీ పని గురించే. దారం, పూస విడివిడిగా కనబడకపోతే ఆ ఫోటో నాకెందుకు? ఒక చేతి డిజైన్‌ను రెండు రకాలుగా ఎక్కించి, దగ్గరికి జూమ్ చేసి చూశాం. ఫోన్ తెర మీద నాకు తేడా కనిపించలేదు. పెద్ద ఫ్లెక్సీ వేయించేవాళ్లయితే ఒరిజినలే పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత ఫోన్లో కాపీ తీసేస్తే మిగిలేది ఆ కుదించిన కాపీ ఒక్కటే. నేను Storage saver పెట్టుకున్నాను.

నాది రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్. పైకి ఎక్కించేది కూడా ఆ డేటాలోంచే పోతుంది. మొబైల్ డేటాతో బ్యాకప్ ఆప్షన్ ఆఫ్‌లోనే ఉంచి, అక్క వాళ్లింట్లో వైఫైకి పెట్టి, చార్జింగ్‌లో వదిలేశాం. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే మధ్యలో ఆగిపోతుందట, అది ఆఫ్ చేశాడు. Backup complete అని వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దన్నాడు.

అది వచ్చాక కూడా వాడు నమ్మలేదు, నన్నూ నమ్మనివ్వలేదు. లాప్‌టాప్‌లో photos.google.com తెరిచి నా జీమెయిల్, కొత్త పాస్‌వర్డ్ నన్నే కొట్టమన్నాడు. నా బ్లౌజులన్నీ వరుసగా వచ్చాయి. అప్పుడు ఫోన్లో ఒక నెమలి డిజైన్ తెరిచి వేలితో పైకి జరిపి చూపించాడు. వివరాల్లో రెండు వరుసలున్నాయి. ఒకటి Backed up అని, పక్కన 1.9 MB. ఇంకొకటి On device అని 3.8 MB, కింద DCIM/Camera అన్న ఫోల్డర్ దారి. అంటే ఒకే ఫోటోకు రెండు కాపీలు, ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. నా మట్టుకు క్లౌడ్ అంటే ఏమిటో బుర్రకెక్కింది ఆ రెండు వరుసలు చూశాకే.

ఇక ఫోన్ ఖాళీ చేయాలి. నేను ఒక ఫోటో పట్టుకుని డస్ట్‌బిన్ బొమ్మ మీదికి వేలు పోనిచ్చేసరికి, "చిన్నమ్మా, ఆగు! అది నొక్కితే రెండు దిక్కులా పోతది" అన్నాడు.

"క్లౌడ్‌ల ఉన్నదంటివి గదరా?"

"ఉన్నది. కానీ ఈ యాప్‌ల డిలీట్ అంటే అకౌంట్‌ల నుంచే తీసేయమని చెప్పినట్టు. ఫోన్ల కాపీ ఒక్కటే తీయాలంటే వేరే బటన్ ఉంటది."

కొత్తవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. గూగుల్ ఫోటోస్‌లో మామూలుగా డిలీట్ చేస్తే ఫోన్లోంచీ, క్లౌడ్‌లోంచీ, అదే అకౌంట్ ఉన్న వేరే ఫోన్లలోంచీ పోతుంది. లాప్‌టాప్‌లో తీసేసినా అంతే. బ్యాకప్ అయిన ఫోటో ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, ఆలోపు వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ తర్వాత లేదు. ఫోన్‌లోని కాపీని మాత్రమే తీయడానికి ఒక్క ఫోటోకైతే Delete from device, అన్నింటికీ కలిపి అయితే Free up space. ఈ రెండోది బ్యాకప్ అయినవాటినే ఏరి తీస్తుంది, కానివాటిని ముట్టుకోదు. మేం అదే నొక్కాం. ఎంత ఖాళీ అవుతుందో ముందే చూపించి అడుగుతుంది. సరే అన్నాక 12 జీబీ చేతికొచ్చింది.

ఆ తర్వాత యాప్ తెరిస్తే ఫోటోలన్నీ అలాగే ఉన్నాయి. అసలేమైనా పోయిందా అని నాకే అనుమానం వచ్చింది. వాడు ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి పాత ఫోటో ఒకటి తెరవమన్నాడు. మసకగా వచ్చి, తిరుగుతూ ఉండిపోయింది. ఫోన్లో మిగిలింది గుర్తుపట్టడానికి పనికొచ్చే చిన్న బొమ్మ మాత్రమే. మా బట్టల షాపుల్లో శాంపిల్ ముక్క గోడకు వేలాడుతుంది, బట్ట తాను గోదాములో ఉంటుంది చూడండి, అట్లా. తాను రావాలంటే నెట్ ఉండాలి. ఈ తేడా నాకు పనిలోనే ఎదురైంది. తాడ్వాయి దగ్గర ఒక పల్లెలో పెళ్లివారికి డిజైన్లు చూపించడానికి పోయాను. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదని తెలుసు కాబట్టి, వాళ్లకు నచ్చుతాయనుకున్నవాటిని ముందు రోజే వైఫైలో తెరిచి, మూడు చుక్కల మెనూలో డౌన్‌లోడ్ కొట్టి ఫోన్‌లోకి దింపుకొని పోయాను. ఇప్పుడు ఆ కొన్నీ మళ్లీ రెండు చోట్లా ఉన్నాయి.

వాట్సాప్ కథ వేరు. గూగుల్ ఫోటోస్ బ్యాకప్ మామూలుగా కెమెరా ఫోటోలకే. కస్టమర్లు పంపిన మోడళ్లు WhatsApp Images ఫోల్డర్‌లో ఉంటాయి, అవి వాటంతట అవే ఎక్కవు. ఆ ఫోల్డర్‌ను కూడా ఆన్ చేయొచ్చు. నేను వద్దన్నాను. ఎక్కించి Free up space కొడితే, తర్వాత చాట్‌లో ఆ ఫోటో మీద నొక్కినప్పుడు ఫైల్ లేదంటుంది, కొలతలు ఆ ఫోటో పక్కనే రాసి పంపే కస్టమర్లు నాకు చాలామంది. పైగా గుడ్ మార్నింగ్ పూలన్నీ నా 15 జీబీలో కూర్చుంటాయి. దాని బదులు వాట్సాప్ సెట్టింగ్స్‌లో Manage storage తెరిచి, 5 MB కంటే పెద్దవి, పదేపదే ఫార్వర్డ్ అయినవి చూసి తీసేశాం. వీటికి క్లౌడ్‌లో కాపీ లేదు కాబట్టి తీసేస్తే పోయినట్టే. తీసేముందు ఒక్కొక్కటీ చూశాను.

ఇప్పుడు లెక్క తిరగబడింది. ఫోన్ ఖాళీగానే ఉంది, క్లౌడ్ నిండుతోంది. 15 జీబీ నిండితే కొత్త ఫోటోలు ఎక్కడం ఆగిపోతుంది, జీమెయిల్‌కు కొత్త మెయిళ్లు రావు. డబ్బు కట్టి ఎక్కువ చోటు తీసుకోవచ్చు కానీ, నాకింకా ఆ అవసరం రాలేదు. యాప్‌లో స్టోరేజ్ మీద నొక్కితే పెద్ద వీడియోలు, మసక ఫోటోలు విడివిడిగా చూపిస్తుంది. అక్కడ తీసేటప్పుడు మాత్రం డస్ట్‌బిన్ బొమ్మే నొక్కాలి, క్లౌడ్‌లోంచి పోవాలన్నదే మన ఉద్దేశం కాబట్టి.