పోయిన సున్నా

నిన్న పొద్దున్నే టీమ్ గ్రూప్‌లో మా మేనేజర్ మెసేజ్: “మార్కెట్‌ప్లేస్‌కి అప్‌లోడ్ చేసిన 57 వరుసలూ రిజెక్ట్ అయ్యాయి. పంపేముందు ఫైల్ తెరిచి చూశారా?” చివర ఒక స్మైలీ. ఈ దేశం వచ్చి నాలుగేళ్లయినా ఆ స్మైలీ కోపమో కాదో నాకు అంతుపట్టదు. మన దగ్గరైతే సీటు దగ్గరికొచ్చి నాలుగు మాటలు అనేసేవాళ్లు, అంతటితో అయిపోయేది. ఇక్కడ అందరూ చదివేలా ఒక్క ప్రశ్న అడుగుతారు. అది రోజంతా గుచ్చుకుంటూనే ఉంటుంది.

చూడకేం, చూశాను. చూడబట్టే చెడింది.

సప్లయర్ పంపే ఎక్సెల్ షీట్ చదివి, మార్కెట్‌ప్లేస్ టెంప్లేట్‌కి సరిపడా సీఎస్‌వీ ఇచ్చే పైథాన్ స్క్రిప్ట్ నాది. తలనొప్పంతా బార్‌కోడ్ కాలమ్‌తోనే. యూపీసీ అనే ఆ బార్‌కోడ్ నంబర్‌కి 12 అంకెలుండాలి. 012345678905 లాంటిది టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుని ముందున్న సున్నాని తీసేస్తుంది. `dtype=str` పెట్టి అక్షరాలుగా చదివితే చాలనుకుంటాం గానీ, సప్లయర్ దగ్గరే సంఖ్యగా సేవ్ అయితే సున్నా అప్పటికే పోయింది. దాన్ని మనమే తిరిగి పెట్టాలి:

```python
import pandas as pd

df = pd.read_excel("supplier.xlsx", dtype=str)
df["upc"] = df["upc"].str.strip().str.zfill(12)
```

అయితే `zfill` గుడ్డిది. టైపింగ్‌లో మధ్య అంకె ఎగిరిపోయినా ముందు సున్నా తగిలించి 12 చేసేస్తుంది. అందుకే చివరి అంకెతో సరిచూస్తాను. మొదటి 11 అంకెల్లో బేసి స్థానాల్లోవి కలిపి మూడుతో హెచ్చవేసి, దానికి సరి స్థానాల్లోవి కలపాలి. పై నంబర్‌లో 20 మూళ్లు 60, దానికి 25 కలిపితే 85. తర్వాతి పదుల సంఖ్య తొంభై, దానికి ఇంకో 5 కావాలి. చివరి అంకె 5 కాబట్టి సరిపోయింది. సరిపోనివాటిని స్క్రిప్ట్ వేరే షీట్‌లో పడేస్తుంది, సప్లయర్‌ని అడగడానికి. అలా అంకె ఎగిరిపోయిన నంబర్ కూడా దాదాపు పదింట ఒకసారి దీన్ని దాటేస్తుంది, దానికి నేనేం చేయలేను.

ఇంత చేశాక కూడా 57కి 57 ఎలా పోయాయి? స్క్రిప్ట్ మళ్లీ నడిపి, వచ్చిన సీఎస్‌వీని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. సున్నాలన్నీ ఉన్నాయి! అప్పుడు గుర్తొచ్చింది. మొన్న సాయంత్రం ఒకసారి చూద్దామని అదే ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి, ఒక టైటిల్‌లో అక్షరం దిద్ది, Ctrl+S కొట్టాను. సీఎస్‌వీలో ఏ కాలమ్ అక్షరాలో, ఏది సంఖ్యో రాసి ఉండదు. తెరిచిన ప్రతిసారీ ఎక్సెల్ తనే ఊహించుకుంటుంది. సున్నాతో మొదలయ్యే ఆ 57 వరుసల్నీ నా చేత్తో నేనే పాడుచేశాను.

ఇప్పుడు స్క్రిప్ట్ రెండు ఫైళ్లు ఇస్తుంది. సీఎస్‌వీ అప్‌లోడ్‌కి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కంటితో చూసుకోవడానికి అదే సరుకు `.xlsx`లో వస్తుంది, అందులో బార్‌కోడ్ టెక్స్ట్‌గానే ఉంటుంది. టైటిల్ దిద్దాలంటే సప్లయర్ షీట్‌లో దిద్ది స్క్రిప్ట్ మళ్లీ నడపడమే.

ఇదంతా గ్రూప్‌లో, తప్పు నాదేనని ఒప్పుకుంటూ, వివరంగా రాశాను. మా మేనేజర్ నుంచి బొటనవేలు బొమ్మ ఒక్కటి వచ్చింది. దానికి అర్థమేంటో రాత్రి నుంచి ఆలోచిస్తున్నాను.