నోటి మాటకూ ఆఫర్ లెటర్‌కూ మధ్య ఎనిమిది వారాలు: నా అనుభవం

2025 ఫిబ్రవరి 27, గురువారం సాయంత్రం గచ్చిబౌలిలోని ఒక కంపెనీ హెచ్‌ఆర్ విభాగం నుంచి నాకు ఫోన్ వచ్చింది. నేను అప్పటికి హైదరాబాద్‌లోనే ఒక మందుల తయారీ సంస్థలో కాస్ట్ అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు పూర్తయ్యాయనీ, నన్ను ఎంపిక చేశారనీ, ఏడాదికి 11 లక్షల 40 వేల రూపాయలు ఇస్తామనీ, మే 5న చేరాలనీ ఫోన్ చేసిన మేడమ్ చెప్పారు. ఇందులో పనితీరును బట్టి మారే వేరియబుల్ భాగం ఏమైనా ఉందా అని అడిగితే, లేదండీ, అంతా ఫిక్స్‌డే అన్నారు. లెటర్ వారం లోపు వస్తుందనీ, మీ నోటీసు 60 రోజులు కాబట్టి ఈలోగా పేపర్లు పెట్టేయమనీ సలహా కూడా ఇచ్చారు. మార్చి 3న నేను రాజీనామా ఇచ్చేశాను. మే 2 నా చివరి పనిదినంగా ఖరారైంది. నేను చేసిన అసలు పొరపాటు ఇదే, తర్వాత జరిగినదంతా దాన్ని సరిదిద్దుకోవడానికి పడిన తంటా.

వారం గడిచింది, లెటర్ రాలేదు. స్పామ్ ఫోల్డరు చూశాను, ఇంటర్వ్యూ సమయంలో ఇచ్చిన మెయిల్ ఐడీలో అక్షరం తప్పు పడలేదని నిర్ధారించుకున్నాను. ఫోన్ చేసిన ప్రతిసారీ "ప్రాసెస్‌లో ఉందండీ" అన్న ఒకే సమాధానం వచ్చేది. ఆ మాటలో అబద్ధం ఉండదు గానీ సమాచారమూ ఉండదు.

అప్పుడు మా బాబాయిని అడిగాను. ఆయన వకీలు. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం నోటి ఒప్పందం కూడా చెల్లుతుందనీ, కాగితం లేనంత మాత్రాన అది ఒప్పందం కాకుండా పోదనీ ఆయన చెప్పారు. అయితే ఫోన్‌లో ఏం అనుకున్నారో రుజువు చేయడం కష్టమనీ, చేసినా ఫలానా వ్యక్తిని ఉద్యోగంలో పెట్టుకుని తీరాలని కోర్టు సాధారణంగా ఆదేశించదనీ, దక్కితే నష్టపరిహారమే దక్కుతుందనీ కూడా అన్నారు. "కేసు సంగతి తర్వాత చూద్దాంరా, ముందు ఆ ఫోన్ మాటను అక్షరాల్లో పెట్టు" అన్నది ఆయన సలహా.

మార్చి 17న నేను హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ రాశాను. అందులో నిష్ఠూరాలు లేవు. ఫిబ్రవరి 27న మీరు ఫోన్‌లో తెలియజేసిన వివరాలను నేను ఇలా అర్థం చేసుకున్నాను అంటూ హోదా, 11.40 లక్షల జీతం, అది పూర్తిగా ఫిక్స్‌డ్ అన్న సంగతి, చేరవలసిన తేదీ రాసి, మీ సూచన మేరకే మార్చి 3న రాజీనామా ఇచ్చానని చేర్చి, వీటిలో ఏదైనా తప్పుంటే తెలియజేయమని కోరాను. చూస్తాము, తెలియజేస్తాము అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. అవునని చెప్పలేదు, కానీ కాదని కూడా అనలేదు. తర్వాత ఆ మెయిలే నన్ను ఆదుకుంది.

ఏప్రిల్ మొదటి వారంలో నాకు ఒక విషయం తట్టింది. నేను అప్పుడు పనిచేస్తున్న సంస్థలో చేరేటప్పుడు, లెటర్ చేతికి రాకముందే చివరి మూడు నెలల పేస్లిప్పులూ ఫారం 16 అడిగారు, వాటిని చూశాకే జీతాన్ని బేసిక్, హెచ్‌ఆర్‌ఏ వగైరాలుగా విడగొట్టారు. ఈ కొత్త కంపెనీ అయిదు వారాలైనా నన్ను ఒక్క కాగితం కూడా అడగలేదు. అంటే లెటర్ ఎక్కడో ఆలస్యం కావడం లేదు, దాన్ని తయారు చేయడమే మొదలుపెట్టలేదు.

ఏప్రిల్ 4న ఫోన్ చేసినప్పుడు ప్రశ్న మార్చాను. లెటర్ ఎప్పుడు వస్తుంది అని అడగకుండా, "మేడమ్, నా ఫైలు ప్రస్తుతం ఎవరి ఆమోదం కోసం ఆగి ఉంది?" అని అడిగాను. ఆమె కాసేపు తటపటాయించి అసలు సంగతి చెప్పారు. నేను చేరవలసిన పోస్టుకు మంజూరు గడచిన ఆర్థిక సంవత్సరపు బడ్జెట్‌లో ఉంది. మార్చి 31 లోపు ఫైనాన్స్ విభాగం సంతకం పడకపోవడంతో అది మురిగిపోయింది. కొత్త సంవత్సరపు బడ్జెట్ కింద ఆ పోస్టును మళ్లీ మంజూరు చేయించుకోవాలి. ఏటా మార్చిలో ఇలాంటి పద్దులను నేనే నా చేత్తో మూసేవాడిని, అయినా నా ఉద్యోగమే అలా మూతపడవచ్చునని ఊహించలేకపోయాను.

ఆ మంజూరు కోసం విన్నపం పెట్టవలసినది హెచ్‌ఆర్ కాదు, నన్ను ఎంపిక చేసిన విభాగాధిపతి. హెచ్‌ఆర్‌ను దాటి వెళితే ఆమె నొచ్చుకుంటారేమోనని సంకోచించి, ఆయనతో మాట్లాడవచ్చా అని ఆమెనే అడిగాను, సరేనన్నారు. ఏప్రిల్ 7న ఆయనకు ఫోన్ చేస్తే, లెటర్ ఎప్పుడో వెళ్లిపోయిందనే ఆయన అనుకుంటున్నారని తెలిసింది! మే నెల ముగింపు లెక్కలకు మనిషి లేకపోతే ఇబ్బంది పడేది ఆయనే కాబట్టి, అదే రోజు విన్నపం పెట్టారు.

అయినా ఆ భరోసా మీద కూర్చోదలచుకోలేదు. ఏప్రిల్ 11న మా మేనేజరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకసారి ఆమోదించిన రాజీనామాను వెనక్కు ఇవ్వాలా వద్దా అన్నది సంస్థ ఇష్టం, పైగా నా స్థానంలోకి మనిషిని అప్పటికే చూస్తున్నారు. అందుకని వెనక్కు తీసుకుంటానని అడగలేదు, చివరి తేదీని రెండు వారాలు జరపమని మాత్రమే అడిగాను. "ముందే చెప్పొచ్చు కదయ్యా" అని ఆయన చిన్నగా మందలించినా, కొత్త వ్యక్తికి పని అప్పగించడానికి ఆ గడువు ఆయనకూ పనికొస్తుంది గనుక ఒప్పుకున్నారు. మే 16 అని మెయిల్‌లో రాయించుకున్నాను. ఈసారి నోటి మాటతో ఊరుకోలేదు.

ఏప్రిల్ 15న కొత్త కంపెనీ వారు పేస్లిప్పులు అడిగారు. లెటర్ కోసం నిజంగా పని మొదలైందని నాకు అప్పుడు నమ్మకం కలిగింది. 24వ తేదీ సాయంత్రం లెటర్ వచ్చింది. మొత్తం 11.40 లక్షలే ఉంది, కానీ అందులో పది శాతం, అంటే 1.14 లక్షలు, వేరియబుల్. నెలకు 95,000 అనుకున్నది 85,500 అయింది. రెండు నెలలు ఎదురుచూసి అలసిపోయిన మనిషికి ఆ క్షణంలో సంతకం పెట్టేయాలనే అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

మర్నాడు ఉదయం మార్చి 17 నాటి మెయిల్‌ను జతచేసి, తేడా ఎక్కడుందో రెండు వాక్యాల్లో రాసి పంపాను. ఆ గ్రేడులో అందరికీ పది శాతం వేరియబుల్ తప్పనిసరి అనీ, ఫోన్‌లో పొరపాటుగా చెప్పామనీ హెచ్‌ఆర్ ఒప్పుకున్నారు. నియమం మార్చలేరు కాబట్టి మొత్తాన్ని 12 లక్షలకు పెంచారు. దాంతో ఫిక్స్‌డ్ నెలకు 90,000 అయింది. మొదట విన్న మాటతో పోలిస్తే నెలకు అయిదు వేలు తక్కువే, కానీ మే 16 దగ్గర పడుతుండగా ఇంకా లాగడం నాకు తెలివైన పనిగా తోచలేదు. సవరించిన లెటర్‌లో చేరే తేదీ మే 19 అని ఉండటం చూసుకుని ఏప్రిల్ 28న సంతకం చేశాను.

మే 19న వెళ్లేసరికి పేరోల్ రికార్డులో నా చేరిక తేదీ ఇంకా మే 5గానే ఉంది, దాని ఎదురుగా "రాలేదు" అని నమోదై ఉంది. సవరించిన లెటర్ చూపించి దిద్దించుకున్నాక గానీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు.