వాళ్ళమ్మగారు చాలా మంచావిడ అక్కా

ఆదివారం. పొద్దున్నుంచీ పిన్ని ఫోన్లే. నిన్న సాయంత్రం పిన్ని కూతురు ఒక పెళ్ళి సంబంధం అబ్బాయిని కాఫీ షాపులో కలిసింది. అబ్బాయి వాళ్ళమ్మగారు కూడా వచ్చి, కాసేపు కూర్చుని, వీళ్ళిద్దర్నీ మాట్లాడుకోమని వెళ్ళిపోయారట. ఇంటికొచ్చాక మా చెల్లి నోరు విప్పలేదు. "నువ్వడిగితే చెప్తుందే, కాస్త కనుక్కో" అని పిన్ని ఆ పని నా మెడకి చుట్టింది.

ఇడ్లీ పొయ్యి మీద పెట్టి మెసేజ్ చేశాను: "అబ్బాయి ఎలా ఉన్నాడే?" నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. టైప్ చేస్తున్నట్టు కనిపించింది, ఆగింది, మళ్ళీ కనిపించింది. ఇడ్లీ దింపి పచ్చట్లో పోపు వేసేసరికి జవాబొచ్చింది.

"వాళ్ళమ్మగారు చాలా మంచావిడ అక్కా."

పిన్నికి ఫోన్లో చదివి వినిపిస్తే పొంగిపోయింది. "అత్తగారు నచ్చిందంటే ఇంకేముంది, ఒప్పుకున్నట్టే!" అంది. నాకేమో ఆ వాక్యం సరిగ్గా తిరగేసి వినిపించింది.

భాషాశాస్త్రం చదువుకున్న రోజుల్లో పాల్ గ్రైస్ అనే బ్రిటిష్ తత్వవేత్త పాఠం ఒకటుండేది. 1967లో హార్వర్డ్‌లో ఆయనిచ్చిన ఉపన్యాసాల్లోది, 1975లో అచ్చయింది. అందులో ఒక ఉత్తరం ఉంటుంది. తత్వశాస్త్రం ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న శిష్యుడి గురించి గురువు రాస్తాడు: అతనికి ఇంగ్లీషు బాగా వచ్చు, క్లాసులకి క్రమం తప్పకుండా వచ్చేవాడు, ఇట్లు. అంతే. అందులో ఒక్క చెడ్డ మాటైనా లేదు. అయినా ఆ ఉత్తరం చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు.

ఎందుకివ్వరో గ్రైస్ మెట్టు మెట్టుగా చెప్తాడు. ఈయన గురువు, శిష్యుడి చదువు సంగతి ఈయనకి తెలుసు. ఉత్తరంలో అడిగింది ఆ సంగతే అని కూడా తెలుసు. ఇష్టం లేకపోతే అసలు రాయకుండా ఊరుకోవచ్చు, కానీ రాశాడు. అంటే సహకరిస్తూనే ఏదో ఒకటి కాగితం మీద పెట్టడానికి వెనకాడుతున్నాడు. కుర్రాడికి తత్వశాస్త్రం రాదు అన్నదే ఆ ఒకటి. ఇలా మాటల్లో లేకుండా మాటల వల్ల తేలే అర్థానికి ఆయన ఇంప్లికేచర్ అని పేరు పెట్టాడు.

మా చెల్లి జవాబు అచ్చం ఆ ఉత్తరమే. అయితే ఈ లెక్కలో ఒక మెట్టు చాలామంది దాటేస్తారు: అవతలి మనిషికి విషయం తెలుసా? గ్రైస్‌దే ఇంకో ఉదాహరణ. ఫలానా ఆయన ఎక్కడుంటాడు అని అడిగితే "దక్షిణ ఫ్రాన్స్‌లో ఎక్కడో" అని జవాబు వస్తుంది. అడిగినదానికి అది చాలదు. కానీ అక్కడ మనం, ఊరి పేరు దాస్తున్నాడు అనుకోం, తెలియదు కాబోలు అనుకుంటాం. మరి అబ్బాయితో కాసేపే మాట్లాడి ఉంటే మా చెల్లిది కూడా 'ఇంకా తెలియదు' అయ్యుండొచ్చు. కానీ వాళ్ళు కాఫీ షాపులోంచి బయటికొచ్చేసరికి రాత్రి అయిందట. అంతసేపు మాట్లాడాక అమ్మగారి గురించి ఒక అభిప్రాయం ఏర్పడి, అబ్బాయి గురించి ఏర్పడకపోవడం జరిగే పని కాదు.

ఇంకో మెట్టు, ఆ మనిషి మామూలుగా ఎలా మాట్లాడతారన్నది. మా తమ్ముడున్నాడు. ఉద్యోగం వచ్చిందన్నా "ఊఁ", ఇల్లు కాలిపోతోందన్నా "ఊఁ". వాడి "ఊఁ" లోంచి ఏమీ పిండలేం. ఎలినార్ కీనన్ అనే భాషా పరిశోధకురాలు 1976లో మడగాస్కర్‌లోని ఒక పల్లె గురించి ఇదే రాసింది. అక్కడ మీ అమ్మ ఏదీ అని అడిగితే "ఇంట్లోనో, సంతలోనో ఉంటుంది" అంటారట. చెప్పే మనిషికి అమ్మ ఎక్కడుందో సరిగ్గా తెలియదని వినేవాళ్ళు అనుకోరు. కొత్త సమాచారం ఉండటం అక్కడ గొప్ప, దాన్ని అలవోకగా పంచరు, పైగా చెప్పిన మాట తేడా వస్తే నింద తమ మీదికి వస్తుందన్న భయం కూడా. అడిగినంతా చెప్తారని ఎవరూ ఎదురుచూడని చోట, తక్కువ చెప్తే ప్రత్యేకంగా ఏ అర్థమూ పుట్టదు. మా చెల్లి అలా కాదు. చీర కొంటే అంచు రంగు దగ్గర్నుంచి షాపువాడి మొహం దాకా వాయిస్ మెసేజ్ పెట్టే పిల్ల. అది ఒక్క వాక్యంతో ఆగిందంటే ఆగిన చోటే అసలు సంగతుంది.

అయినా పిన్నికి 'కాదు' అని చెప్పేయడానికి వీల్లేదు. ఇలాంటి అర్థాలకి ఒక గుణం ఉంది, అన్నవాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు. "వాళ్ళమ్మగారు మంచావిడ, అబ్బాయి కూడా నచ్చాడు" అంటే వాక్యంలో ఎక్కడా పేచీ లేదు. దాటవేసేవాళ్ళకి ధైర్యం కూడా ఇదే. రేపు ఎవరైనా నిలదీస్తే "నచ్చలేదని నేనెప్పుడన్నాను?" అనొచ్చు, అది నిజమే కూడా. కాబట్టి ఆ వెనక్కి తీసుకునే అవకాశమే ఇచ్చి చూశాను.

"అయితే పిన్నికి సరే అని చెప్పనా?"

"నీ ఇష్టం అక్కా."

ఒప్పుకోవాలనుంటే "చెప్పు" అంటే సరిపోయేది, రెండక్షరాలు. పైగా పెళ్ళి తనది, ఇష్టం నాదేమిటి! పైకి అనుమతి, లోపల నిషేధం. ఇది మన గోదావరి ఒడ్డున ఎప్పుడో పుట్టిన విద్య. ప్రాకృత గాథల సంకలనం గాథాసప్తశతిలో ఒకామె పూలకోసం వచ్చే ధార్మికుడితో అంటుంది: స్వామీ, ఇక నిశ్చింతగా తిరుగు, నిన్ను భయపెట్టే ఆ కుక్కని గోదావరి గట్టు పొదలో ఉండే సింహం చంపేసింది. కుక్కకే భయపడేవాడు సింహం ఉన్న చోటికి వస్తాడా? ఆమె ప్రియుణ్ణి కలుసుకునే పొద అది, ఈయన అటు రాకూడదు. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడనే ఆలంకారికుడు ధ్వనికి, అంటే మాట వెనక తోచే అర్థానికి, ఇచ్చిన మొదటి ఉదాహరణల్లో ఈ గాథ ఉంది. విధిలా, అంటే చెయ్యమన్నట్టు, కనిపించే మాటలో నిషేధం అన్నాడు. మా ఇళ్ళల్లో దానికి "నీ ఇష్టం" చాలు, సింహం అక్కర్లేదు.

ఇక తవ్వకుండా ఊరుకున్నాను. మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే తనే పెట్టింది: "తర్వాత మాట్లాడతా." ఈ మూడింటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఇది సూచన కాదు, ఆటలోంచి పక్కకి తప్పుకోవడం. చెప్పేది ఉంది, ఇప్పుడు చెప్పను అని మొహం మీదే చెప్పడం. దాని మీద ఊహలు అల్లాల్సిన పని లేదు, ఆగితే చాలు.

సాయంత్రం ఫోన్ చేసింది. అబ్బాయి బాగానే మాట్లాడాడట, కానీ పెళ్ళయ్యాక ఉద్యోగం మానేయాలన్నాడట. ఆ మాట మొదట వచ్చింది వాళ్ళమ్మగారి ముందే. ఆవిడ వెంటనే "అదేం మాటరా, అమ్మాయి కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం" అని మందలించిందట. ఆవిడ వెళ్ళాక మళ్ళీ అదే మాట ఎత్తాడట.

అంటే నేను మాట మార్చిందనుకున్న వాక్యం అసలు మార్చిన మాటే కాదు. అడిగినదానికే జవాబు, ముందు సగం మింగేసి తర్వాతి సగం పెట్టింది. ఆ సగం లేకుండా ఏ లెక్క వేసినా 'ఏదో తేడా ఉంది' వరకే వెళ్ళగలం. ఆ తేడా ఏమిటో అందులోంచి రాదు.

"అమ్మకి ఇప్పుడే ఉద్యోగం సంగతి చెప్పకు, నేనే చెప్తా" అంది. సరేనని, పిన్నికి బాగా ఆలోచించి ఒక వాక్యం పెట్టాను: "ఇంకా మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయట పిన్నీ."

పిన్ని జవాబు టైప్ చెయ్యలేదు. నేరుగా ఫోన్ చేసి, "ఏం తేడా వచ్చిందే?" అంది.