సింక్ కింద బిగుసుకుపోయిన నట్టు, దాన్ని విప్పడానికి నేను పడ్డ పాట్లు

వంటింటి సింక్‌లో నీళ్ళు దిగడం నెమ్మదించి వారం దాటింది. కింద యూ బెండ్‌లో జిడ్డు పేరుకుందని తెలుస్తూనే ఉంది, విప్పి కడిగితే సరిపోతుంది. ప్లంబర్‌ని పిలుద్దామంటే ఆయన "రేపొస్తానమ్మా" అనడం మొదలుపెట్టి 3 రోజులైంది. ఇంకెందుకులే అని ఆదివారం మధ్యాహ్నం గిన్నెలన్నీ పక్కకి తోసి, బెండ్ కింద బకెట్ పెట్టి, నేనే సింక్ కింద దూరాను.

మాది హైదరాబాద్‌లో ఓ పాత అపార్ట్‌మెంట్, బోరు నీళ్ళు. కెటిల్ అడుగున తెల్లగా గచ్చులా పేరుకునే రకం నీళ్ళు. సింక్ కింద ఉన్నది తెల్లటి పీవీసీ ట్రాప్. సింక్ నుంచి దిగే పైపుని యూ బెండ్‌కి ఒక నట్టు కలుపుతుంది, బెండ్ నుంచి గోడలోకి పోయే పైపుకి ఇంకో నట్టు. మొదటిది చేత్తోనే తిరిగింది. గోడవైపుది మాత్రం కదల్లేదు. టార్చ్ వేసి చూస్తే నట్టు కింది అంచు చుట్టూ సున్నం పెట్టినట్టు తెల్లటి పట్టీ ఉంది. అంటే అక్కడ ఎప్పటినుంచో చుక్క చుక్కగా నీళ్ళు ఊరుతున్నాయన్నమాట. ఊరిన నీరు ఆరిపోతుంది, అందులోని సున్నం నట్టు లోపలి మర చుట్ల మధ్యన మిగిలిపోతుంది. ఏళ్ళ తరబడి అలా జరిగితే నట్టుకీ పైపుకీ మధ్య సిమెంట్ పోసినట్టే.

ఇక్కడ నా పాత కథ ఒకటి చెప్పాలి. ఇదివరకు అద్దెకున్న ఇంట్లో ఇలాంటి నట్టునే పైపు రెంచ్ పెట్టి విప్పబోయాను. గట్టిగా పట్టుకుంటే గానీ జారుతుందని బలమంతా పెట్టి నొక్కాను. "టక్" మని చీలింది, చూస్తే నట్టు కాదు, దాని కిందున్న బెండ్ మెడ. అప్పట్లో అర్థం కాలేదు గానీ కారణం తేలికే. రెంచ్ నట్టుని రెండు వైపుల నుంచే నొక్కుతుంది. ప్లాస్టిక్ కాబట్టి గుండ్రంగా ఉండాల్సిన నట్టు కోలగా అయిపోతుంది, ఆ రెండు చోట్ల లోపలి మరల్ని ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. మనం ఎంత నొక్కితే అంత బిగుస్తుంది, పైగా ఆ ఒత్తిడంతా నట్టు కంటే పలచగా ఉన్న పైపు మీద పడుతుంది. పాత పీవీసీ కొంచెం పెళుసుబారి ఉంటుంది కూడా. ఈసారి అందుకే ఒకటే అనుకున్నాను: పోతే నట్టు పోవాలి, పైపు పోకూడదు. నట్టు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, గోడలోకి పోయిన పైపు మెడ విరిగితే టైల్స్ పగలగొట్టాలి.

ముందు గోరుతో ఆ తెల్లటి పట్టీని గీకి చూశాను. పొడిపొడిగా రాలింది. ఇది ముఖ్యం, ఎందుకంటే కొందరు ప్లంబర్లు లీకేజీ ఆగాలని మరలకి పీవీసీ గమ్ రాసేస్తారు. అది పొడి రాలదు, మెరుస్తూ గట్టి బిళ్ళలా అంటుకుని ఉంటుంది. గమ్ పెట్టి ఉంటే ఇక తిప్పే ప్రయత్నమే వద్దు, ప్లాస్టిక్ కరిగి ఒకటైపోయి ఉంటుంది, కోసి కొత్తది వేసుకోవడమే. నాది సున్నమే. ఒక చుక్క వెనిగర్ వేస్తే చిన్న చిన్న బుడగలు వచ్చాయి, ఇంక అనుమానం లేదు.

రెండోది, ఎటు తిప్పాలి? నవ్వుతారేమో గానీ మొదటి పావుగంట నేను తిప్పింది బిగించే వైపే. ఈ నట్టు పైనుంచి వచ్చి కింద ఉన్న బెండ్ మరల మీద కూర్చుంటుంది. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పాలి, నేను కింద పడుకుని పైకి చూస్తున్నా కాబట్టి అది నాకు ముల్లు తిరిగే వైపులా కనిపిస్తుంది. బుర్ర తిరిగిపోయి, చివరికి ఒక సీసా మూత మీద బాణం గీసి తెచ్చుకుని, మూత పైకి ఉండేలా నట్టు పక్కన పట్టుకుని చూసుకున్నాను. నట్లు అన్ని ట్రాపుల్లోనూ ఒకే వైపు చూడవు, మీది చూసుకోండి.

తర్వాత ఒక స్కెచ్ పెన్నుతో నట్టు మీద మొదలుపెట్టి కింద బెండ్ మరల దాకా నిలువుగా ఒకే గీత, అలాగే నట్టు నుంచి పైన పైపు మీదకి ఇంకో గీత గీశాను. ఇదొక్కటి చేసినందుకు మాత్రం నా భుజం నేనే తట్టుకుంటాను, ఎందుకో తర్వాత చెప్తా.

గిన్నెలో కొంచెం వేడి చేసిన వెనిగర్ పోసి, పాత బనియన్ ముక్క ముంచి నట్టుకి చుట్టాను. మొదట పైఅంచుకి చుట్టాను, అది తప్పు. పైనుంచి కారేది వాషర్ దగ్గర ఆగిపోతుంది, మరల్లోకి వెళ్ళదు. మరలు తెరుచుకుని ఉండేది కింది అంచు దగ్గరే, అక్కడినుంచి తడి పైకి పాకాలి. అందుకే గుడ్డని కింది అంచు చుట్టూ కప్పి, దాని మీద ప్లాస్టిక్ కవర్ చుట్టి రబ్బర్ బ్యాండ్ వేశాను, తడి ఆరకుండా. వెనిగర్ లేకపోతే నిమ్మ ఉప్పు ఒక స్పూను గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో వేసినా పనవుతుంది. ఒక్క హెచ్చరిక: అంతకుముందు సింక్‌లో బ్లీచింగ్ గానీ, డ్రైన్ క్లీనర్ పొడి గానీ పోసి ఉంటే ఈ పని చేయకండి. బ్లీచింగ్‌కి వెనిగర్ తగిలితే విషపు గ్యాస్ వస్తుంది. క్లీనర్ పొడేమో ఆ బెండ్‌లోనే నీళ్ళలో కరిగి కూర్చుని ఉంటుంది, విప్పినప్పుడు ముఖం మీద పడుతుంది.

మధ్యలో ఒకసారి గుడ్డ మళ్ళీ తడిపి, 2 గంటలు వదిలేశాను. అప్పుడు మా అత్తయ్య వచ్చి చూసి, "ఆవకాయ సీసా మూత రాకపోతే ఏం చేస్తాం అమ్మాయ్? వేడి చూపించవా?" అంది. అదే చేశాను, కానీ జాగ్రత్తగా. పీవీసీ 80 డిగ్రీలకి దగ్గరపడితే మెత్తబడిపోతుంది, కాబట్టి మరిగే నీళ్ళు వద్దు, చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి చాలు. ప్లాస్టిక్‌లో వేడి నెమ్మదిగా పాకుతుంది గనక మొదటి నిమిషంలో వెచ్చబడి వ్యాకోచించేది బయటున్న నట్టే. ఎక్కువసేపు ఉంచితే లోపలి పైపు కూడా వేడెక్కి అంతే ఉబ్బుతుంది, అప్పుడు లాభం ఉండదు. నేను మొదట విప్పిన నట్టుని మళ్ళీ చేత్తో బిగించి, పైన కుళాయి కొంచెంగా వదలమని అత్తయ్యకి చెప్పాను. లోపల చల్లనీళ్ళు పోతుంటే బయట నట్టుకి వేడి గుడ్డ. ఆ నట్టు బిగించడానికి ఇంకో కారణం కూడా ఉంది: ఒక చివర వదులుగా ఉంటే బెండ్ మొత్తం ఊగుతుంది, మన బలం నట్టు మీద కాక గోడ దగ్గర పైపు మీద పడుతుంది.

ఒక నిమిషం తర్వాత గుడ్డ తీసి సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టాను. అంగుళం వెడల్పు, అర మీటరుకి పైనే పొడవు. నట్టు చుట్టూ రెండు చుట్లు, తిప్పాల్సిన వైపుకే లాగేలా చుట్టి, మిగిలిన కొసని అప్పడాల కర్రకి ముడివేశాను. ఇలా చేస్తే పట్టు చుట్టూరా సమానంగా పడుతుంది, రెంచ్‌లా రెండు చోట్ల నొక్కదు. ఎడమ చేత్తో బెండ్‌ని గట్టిగా పట్టుకుని కుడిచేత్తో కర్ర లాగాను. కుదుపు ఇవ్వలేదు, మెల్లగా బరువు పెంచుతూ పోయాను. ఏమీ లేదు. ఇంకొంచెం. చిన్నగా "టిక్" మంది.

ప్రాణం పోయినంత పనైంది. విరిగిందా, వదిలిందా? ఇక్కడే ఆ గీతలు పనికొచ్చాయి. టార్చ్ వేసి చూస్తే కింది గీత మధ్యలో తెగింది, నట్టు మీది ముక్క బియ్యపు గింజ వెడల్పంత పక్కకి జరిగింది, బెండ్ మీది ముక్క ఉన్నచోటే ఉంది. నట్టు ఒక్కటే కదిలిందన్నమాట. ఒకవేళ కింది గీత తెగకుండా పై గీత మాత్రమే విడిపోయి ఉంటే, నట్టూ బెండూ కలిసి పైపు చుట్టూ మెలి తిరుగుతున్నట్టు. రెండు గీతలూ తెగకుండా అంతా కదిలితే గోడ దగ్గరే మెలిపడుతున్నట్టు. ఆ రెండిట్లో ఏది కనిపించినా వెంటనే ఆపి మళ్ళీ వెనిగర్ దగ్గరికి వెళ్ళాలి.

కదిలిందని ఒక్కసారిగా తిప్పేయలేదు. మరల్లో రాలిన సున్నం ఇసుకలా ఉంటుంది, అదే మళ్ళీ ఇరుక్కుంటుంది. కింది అంచుకి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, కొంచెం విప్పడం, కొంచెం వెనక్కి బిగించడం, మళ్ళీ ఇంకాస్త ఎక్కువ విప్పడం. ప్రతిసారీ తెల్లటి బురద కారింది. ఇనుప బోల్టులకి కొట్టే స్ప్రే వాడదామనిపించింది గానీ, కొన్ని ప్లాస్టిక్‌లని అలాంటి నూనెలు పెళుసుగా చేస్తాయి, ట్రాప్‌ని పీవీసీ అంటాం గానీ నట్టు అచ్చంగా ఏ ప్లాస్టిక్కో మనకి తెలియదు, సబ్బే మేలు. పది నిమిషాలకి నట్టు చేతిలోకి వచ్చింది.

రాకపోయి ఉంటే హ్యాక్‌సా బ్లేడు సిద్ధంగా పెట్టుకున్నాను. నట్టు మీద ఏటవాలుగా కోసుకుంటూ పోయి, మరలు తగలడానికి ముందే ఆగి, ఆ గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి మెలిపెడితే నట్టు చీలిపోతుంది, కింది పైపుకి గీత కూడా పడదు.

బెండ్‌లో ఏముందో వర్ణించను. కడిగాక మరల్ని పాత టూత్‌బ్రష్‌తో వెనిగర్ రాసి రుద్దాను. వాషర్ రాయిలా గట్టిపడింది, చుక్క చుక్క ఊరడానికి అసలు కారణం అదే. పాత నట్టూ వాషరూ రెండూ పట్టుకుని షాపుకెళ్ళి సరిపోల్చి కొత్తవి తెచ్చాను, మాది 40 మిల్లీమీటర్ల సైజు. వాషర్ ఒకవైపు సన్నగా ఏటవాలుగా ఉంటుంది, ఆ సన్నటి వైపు బెండ్ లోపలికి చూడాలి, వెడల్పు వైపు నట్టుకి. టెఫ్లాన్ టేపు చుట్టలేదు, ఇక్కడ నీళ్ళు ఆపేది మరలు కాదు, వాషర్. మరలకి కాస్త సబ్బు రాసి, చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన పావు చుట్టు, అంతే. మళ్ళీ రెంచ్ ముట్టుకోలేదు.

సింక్ నిండా నీళ్ళు నింపి ఒక్కసారిగా వదిలి, రెండు నట్ల చుట్టూ టిష్యూ కాగితం చుట్టి ఉంచాను. పొద్దున్న చూస్తే అంత కష్టపడ్డ గోడవైపు నట్టు దగ్గర కాగితం పొడిగా ఉంది. సులువుగా వచ్చిందని పట్టించుకోని మొదటి నట్టు దగ్గర రూపాయి బిళ్ళంత తడి. దాన్ని ఇంకో పావు చుట్టు బిగించి, కొత్త కాగితం చుట్టి ఆఫీసుకి వెళ్ళాను.