బొమ్మకి కుడి చెయ్యి

ఈరోజు షూటింగ్‌లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నేను ఒక బొమ్మకి కుడి చెయ్యిని. నోరూ, గొంతూ, ఎడమ చెయ్యీ బొమ్మని ఆడించే అన్నవి.

అన్న తన కుడి చెయ్యి పైకెత్తి బొమ్మ తలలో దూర్చి నోరు ఆడిస్తాడు. ఎడమ చెయ్యి బొమ్మ ఎడమ గ్లవ్‌లో ఉంటుంది. నుదుటికి కట్టుకున్న మైకులో డైలాగూ అప్పటికప్పుడు ఆయనే చెప్తాడు. నేను ఆయన పక్కన అతుక్కుపోయి కుడి గ్లవ్ తొడుక్కుంటాను. ఇద్దరం బల్ల కిందే. పైన ఏమవుతోందో నేల మీద పెట్టిన చిన్న మానిటర్‌లో చూసుకోవాలి. అది అద్దంలా చూపించదు. మేం కుడికి జరిగితే తెర మీద బొమ్మ ఎడమకి పోతుంది.

సీన్ చిన్నదే. బొమ్మ "నాకు దాహమేస్తోంది" అని గ్లాసు అందుకోవాలి. గ్లాసులో నీళ్లుండవు, తల స్పాంజితో చేసింది కాబట్టి ఒలికితే ఆ రోజుకి షూటింగ్ అయిపోయినట్టే. మొదటి టేక్‌లో బొమ్మ గ్లాసు వంక చూడకముందే నా చెయ్యి దాని మీదకి వెళ్లిపోయింది. తెర మీద ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టుంది. అన్న తిట్టలేదు. "గ్లాసుని కాదు, నా ఊపిరిని చూడు" అన్నాడు. మాటకి ముందు ఆయన ఊపిరి పీలిస్తే నా భుజానికి తెలుస్తుంది. తర్వాత బొమ్మ తల తిరుగుతుంది, అప్పుడు నా చెయ్యి కదలాలి. మూడో టేక్ ఓకే అయింది.

సెసేమ్ స్ట్రీట్ అనే అమెరికా పిల్లల టీవీ షోలో బిగ్ బర్డ్ అనే పెద్ద పక్షి బొమ్మకి ఈ గొడవ లేదు. లోపల ఒక్కడే మనిషి, కుడి చెయ్యి తలకే సరిపోతుంది. అందుకని బొమ్మ కుడి చేతిని చేపల గేలం దారంతో ఎడమ చేతికి కలిపారు, ఒకటి దిగితే ఇంకోటి లేస్తుంది. మానిటర్ ఆయన ఛాతీకే కట్టి ఉంటుంది. అది తెలిశాక నా ఉద్యోగం మీద కాస్త బెంగ పట్టుకుంది.

బ్రేక్‌లో అన్న బొమ్మ తల నాకిచ్చి "అమ్మా, రా" అనిపించమన్నాడు. నేను అక్షరం పలికేటప్పుడు నోరు మూసేస్తున్నాను. దాంతో బొమ్మ మాటల్ని కొరుకుతున్నట్టుంది. అక్షరానికి నోరు తెరుచుకోవాలి. అదీ బొటనవేలు కిందికి దించి. పై వేళ్లు ఎత్తితే మాటమాటకీ తల వెనక్కి ఎగురుతుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఆఖరి అక్షరం దగ్గర తొందరపడి మూయకూడదట.

ఇంటికొచ్చి సాక్సు తొడుక్కుని ఫోన్ ముందు కూర్చున్నాను. సెల్ఫీ కెమెరా అద్దంలా చూపిస్తోందని పావుగంట తర్వాత గానీ వెలగలేదు. వెనక కెమెరాతో రికార్డు చేసి చూస్తే, సాక్సు ఇంకా "వద్దు"ని "వద్" అనే అంటోంది.