1.5 ఎక్కడిది? ఓరియెంటేషన్ ప్రసంగం తయారైన తీరు

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు ఓరియెంటేషన్‌లో సైటేషన్ గురించి, అంటే రాసే మాటకు మూలం చూపడం గురించి, పదిహేను నిమిషాలు మాట్లాడాలి. నిర్వచనాలతో మొదలుపెడితే అయిదో నిమిషానికల్లా వెనక బెంచీలన్నీ ఫోన్లలో మునిగిపోతాయి. అందుకే నల్లగొండలో పెరిగిన ఎవరికైనా పరిచయమైన మాట ఒకటి ఎంచుకున్నాను: "తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఉన్నా ఫర్వాలేదు." ఇది ఎవరి మాటో వెతుక్కుంటూ వెనక్కి పోవడమే ప్రసంగం.

విద్యార్థి ప్రాజెక్టులో ఇలాంటి వాక్యం పక్కన మామూలుగా ఏదో ఒక పరిశోధన వ్యాసం పేరు ఉంటుంది. ఆ వ్యాసం తెరిస్తే, అది బోర్ల నీళ్లు కొలిచిన వ్యాసం. పరిమితి ఎంతో తేల్చింది అది కాదు. దాని కోసం అదీ ఇంకో వ్యాసాన్ని చూపిస్తుంది. అలా పోగా పోగా రెండు పత్రాల దగ్గర ఆగుతాం. మొదటిది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు. అందులో 1.5 ఉన్న మాట నిజమే. కానీ ఏ దేశమైనా సొంత ప్రమాణం పెట్టుకునేటప్పుడు అక్కడి జనం రోజుకు ఎన్ని నీళ్లు తాగుతారో, తిండి ద్వారా ఎంత ఫ్లోరైడ్ పోతుందో కూడా చూసుకోవాలని అక్కడే ఉంది. మన ఎండలకు ఆ మాట ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

రెండోది మన దేశ ప్రమాణం, ఐఎస్ 10500. 2012 నాటి ప్రతిలో రెండో పట్టిక తీస్తే ఫ్లోరైడ్ ఎదురుగా రెండు అంకెలు కనిపిస్తాయి. ఆమోదయోగ్యమైన పరిమితి 1.0. పక్క గడిలో 1.5, కానీ ఆ గడి పైన "వేరే నీటి వనరు లేనప్పుడు" అన్న షరతు ఉంది. వ్యాసం నుంచి వ్యాసానికి దిగుతున్నకొద్దీ ఆ షరతు రాలిపోయి, ఒట్టి అంకె మిగిలింది.

దీంతో వచ్చే తేడా చూపడానికి ఒక లెక్క పెట్టాను. బోరు నీళ్లలో 1.3 వచ్చిందనుకుందాం. వ్యాసం చూసి రాసిన పిల్లవాడు "పరిమితిలోనే ఉంది, తాగొచ్చు" అని ముగిస్తాడు. ప్రమాణం చదివిన పిల్లవాడు ముందు ఆ ఊళ్లో భగీరథ నల్లా వస్తుందా అని అడుగుతాడు. వస్తుంటే వేరే వనరు ఉన్నట్టే, కాబట్టి 1.3 ఉన్న బోరు తాగడానికి పనికిరాదు. నీళ్లు అవే, కొలత అదే, నిర్ణయం మాత్రం తలకిందులైంది.

మూలం తెరవకుండా పేరు మాత్రం దించుకున్నవాళ్లు దొరికిపోయే చోటు కూడా ఇక్కడే ఉంది. 1991 నాటి ప్రతిలో 1.0ను "డిజైరబుల్ లిమిట్" అన్నారు. 2012లో ఆ శీర్షిక "యాక్సెప్టబుల్ లిమిట్" అయింది. రిఫరెన్స్‌లో 2012 అని వేసి, లోపల వాక్యంలో "డిజైరబుల్" అని రాశారంటే, ఆ పేజీ చూడలేదని పరీక్షించేవారికి ఇట్టే తెలుస్తుంది. నిజంగా మూలం దొరక్కపోతే దానికీ దారి ఉంది. "ఫలానా వ్యాసంలో ఉటంకించిన ప్రకారం" అని రాసి, చదివిన ఆ వ్యాసాన్నే జాబితాలో పెట్టాలి. చదవనిదాన్ని పెట్టకూడదు.

పిల్లలు ఎక్కువగా భయపడేది కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ చూపే పోలిక శాతానికి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, 60 దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అయితే ఆ సాఫ్ట్‌వేర్ పోల్చేది మాటలను. పైన చెప్పిన "తాగొచ్చు" వాక్యాన్ని సొంత మాటల్లో రాస్తే సున్నా శాతం వస్తుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. మాటలు అటూ ఇటూ మార్చి శాతం తగ్గించే విద్య గురించి ప్రసంగంలో ఒక్క ముక్క కూడా పెట్టలేదు.

చివరి మూడు నిమిషాలు నోట్స్ రాసుకునే పద్ధతికి ఉంచాను, ఎందుకంటే కావాలని కొట్టేసేవాళ్లకన్నా నోట్సులో ఏది ఎవరి వాక్యమో మరిచిపోయేవాళ్లే ఎక్కువ. పేజీని నిలువునా రెండుగా మడవాలి. ఎడమవైపు మూలంలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు కొటేషన్ గుర్తుల మధ్య, కిందే పత్రం పేరు, ఏడాది, పేజీ లేదా పట్టిక సంఖ్య. కుడివైపు పుస్తకం మూసేశాక తమకు అర్థమైనది. ఫ్లోరైడ్ పేజీలో ఎడమ పక్క "వేరే నీటి వనరు లేనప్పుడు" అని పడి ఉంటే, ఆరు నెలల తర్వాత రిపోర్టు టైపు చేసేటప్పుడు ఆ షరతును వదిలేయడం కష్టం.