తలుపు వేసి ఉందని ఎవరు చెప్పారు?

సివిల్స్ మెయిన్స్‌లో తెలుగు సాహిత్యం తీసుకున్నవారికి రెండో పేపర్లో గురజాడ కథలు 'ఆణిముత్యాలు' తప్పవు. గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని చదువుకునే రోజుల్లో వాటిలో ఒకటైన 'దిద్దుబాటు' ఎత్తుగడ గురించి ఒక జవాబు రాశాను. 'కథ నాటకీయంగా మొదలై పాఠకుణ్ణి ఆకట్టుకుంటుంది' అన్నది అందులో మొదటి వాక్యం. అప్పటికే రెండుసార్లు మెయిన్స్ రాసిన పక్క గది అన్న అది చదివి, "కథ పేరు కొట్టేస్తే ఇది ఏ కథకైనా అతుకుతుంది కదా తమ్ముడూ" అన్నారు. రోషం వచ్చింది కానీ, మాట నిజమే.

మళ్లీ పుస్తకం తెరిచాను. 1910లో వచ్చిన ఆ కథ 'తలుపు, తలుపు' అన్న పిలుపుతో మొదలవుతుంది. పిలిచింది ఎవరో, లోపల ఎవరున్నారో తెలియదు. వెంటనే కథకుడి మాట: తలుపు తెరవబడలేదు. అంటే పాఠకుణ్ణి గుమ్మం బయట ఆ మనిషి పక్కన నిలబెట్టారన్నమాట. అతనికి తెలిసినంతే మనకూ తెలుస్తుంది. ఈ కథలో పాఠకుడితో కుదిరిన ఒప్పందం అదే.

ఒప్పందం నిజంగా ఉందో లేదో తేల్చుకోవడానికి నేను వాక్యం మార్చి చూశాను. 'గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చేసరికి భార్య కమలిని మంచం కింద దాక్కుంది' అని చివర్లో తేలే సంగతితోనే మొదలుపెడితే, వెళ్లిపోతున్నానని ఆమె రాసిపెట్టిన ఉత్తరం, అది చదివిన గోపాలరావు కంగారు అన్నీ ఉత్త వేళాకోళమైపోతాయి. 'గోపాలరావు ఇంటికి వచ్చాడు' అని మాత్రమే అన్నా చిక్కే. పేరూ ఊరూ తెలిసిన కథకుడు కమలిని ఎక్కడుందో చివరిదాకా దాచడం మోసంలా తోస్తుంది. గుమ్మం బయట మొదలుపెట్టడం వల్ల ఆ దాపరికానికి ముందే మన అంగీకారం దొరికింది.

ఇక్కడొక జాగ్రత్త. మొదటి వాక్యం ఒక్కటే చదివి ఇదంతా చెప్పలేం. ముగింపు తెలిశాక వెనక్కి వచ్చి, మధ్యలో మాట తప్పారా లేదా అని చూడాలి. నా రెండో జవాబులో ఆ పని చేయకుండా 'తలుపు స్త్రీ విద్యకు ప్రతీక' అని రాసేశాను. అన్న ఆ వాక్యం కింద గీత గీసి ఊరుకున్నారు.

మూడోసారి రాసేటప్పుడు 'తెరవబడలేదు' దగ్గర ఆగాను. గడియ వేసి ఉందని కథకుడు ఎక్కడా అనలేదు, మనమే అనుకున్నాం. గోపాలరావు చెయ్యి తగలగానే రెక్క తెరుచుకుంటుంది. తర్వాత మంచం మీద కమలిని కనిపించలేదని ఉంటుందే తప్ప, ఆమె ఇంట్లో లేదని కథకుడు తన నోటితో అనడు. ఆమె వెళ్లిపోయిందని చెప్పేది ఉత్తరం. ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూపేసరికి జవాబు ఒక పేజీ దాటలేదు, 'నాటకీయం' అన్న మాట అవసరమే రాలేదు.